మే ఎండల్లో చంటిబిడ్డ: ఎండ, ఉక్క, దోమల నుంచి ఎలా కాచుకోవాలి

మార్చి దాటిందంటే చంటిపిల్లల తల్లులు అడిగే ప్రశ్న ఒక్కటే, అడిగే తీరే వేరు. ఒంటి నిండా బట్టలు వేస్తే చెమటకాయలు లేస్తున్నాయి, తీసేస్తే దోమలు కుడుతున్నాయి, ఏం చెయ్యమంటారు? క్రీము రాయచ్చా? ఏ క్రీము?

క్రీము దగ్గర మొదలుపెడితే చిక్కే. ముందు బిడ్డ పడుకునే చోటు చూసుకోవాలి, తర్వాత బట్ట, ఈ రెండూ సరిపోని గంటా రెండు గంటలకే క్రీము. ఈ వరుసలో వెళ్తే దోమల కోసం మందపాటి బట్టలు వేసే అవసరం రాదు, ఎండ కోసం రోజూ ఏదో ఒకటి పూసే పనీ ఉండదు.

కింద రాసింది రెండు నెలలు నిండి ఏడాది లోపున్న, ఆరోగ్యంగా ఉన్న బిడ్డలకు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు, బరువు తక్కువున్న పిల్లలకు మీ డాక్టరు చెప్పిందే పాటించండి.

కావలసినవి

- మంచం మొత్తాన్ని కప్పే దోమతెర, పరుపు కిందికి దోపడానికి సరిపడా అంచుతో
- పొడుగు చేతుల పల్చటి నూలు జుబ్బాలు, వదులు పైజామాలు, లేత రంగుల్లో
- బయటికి వెళ్ళేటప్పుడు చెవులు, మెడ మీద కూడా నీడ పడేలా వెడల్పు అంచున్న నూలు టోపీ
- వాడి వాడి మెత్తబడ్డ నూలు చీర ముక్కలు, ఎన్ని ఉంటే అన్ని
- గదిలో వేడి, తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు, జ్వరం చూసే థర్మామీటరు
- దోమల క్రీము ఒకటి. బిడ్డకు ఆరు నెలలు దాటితే సన్‌స్క్రీన్ ఒకటి

1. ఇంట్లో చల్లటి గది ఏదో చూడండి

పై అంతస్తు గది అయితే పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటి దాకా కిందికి వేడి వదులుతూనే ఉంటుంది. మీటరు పెట్టి మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి ప్రతి గదిలోనూ చూడండి. చాలా ఇళ్ళలో పడకగది కంటే హాల్లోనో, ఉత్తరం వైపు గదిలోనో రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉంటుంది. ఈ రెండు నెలలూ బిడ్డ మకాం అక్కడికి మార్చేయండి.

ఏసీ ఉంటే 26 నుంచి 28 మధ్య పెట్టి, గాలి నేరుగా బిడ్డ మీదికి కొట్టకుండా చూస్తే చాలు. చంటిబిడ్డకు ఏసీ పడదనేది భయమే. 20కి పెట్టి, చలేస్తుందని పైన రెండు దుప్పట్లు కప్పడం మాత్రం పనికిరాదు.

కూలరు సంగతి మీరుండే ఊరిని బట్టి ఉంటుంది. నిజామాబాద్, రామగుండం వైపు పొడి వేడి కాబట్టి కూలరు బాగా పనిచేస్తుంది. అదే కాకినాడ, మచిలీపట్నంలో గాలిలోనే తేమ ఎక్కువ. అక్కడ కూలరు పెడితే గది చల్లబడకపోగా ఉక్క పెరుగుతుంది, బిడ్డ ఒంటి మీద చెమట ఆరదు, రెండో రోజుకే చెమటకాయలు. ఎక్కడైనా సరే, కూలరు వేసినప్పుడు ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచాలి. తలుపులన్నీ మూసి కూలరు వేయడం చాలామంది చేసే పొరపాటు.

కరెంటు పోతేనో, ఫ్యాను గాలి వేడిగా తగులుతుంటేనో బిడ్డ బట్టలు తీసి, మామూలు నీళ్ళలో తడిపి పిండిన చీర ముక్కతో మెడ, చంకలు, గజ్జలు తుడిచి విసనకర్రతో విసరండి. రోహిణి కార్తెలో, గది 40 డిగ్రీలు దాటినప్పుడు, ఉత్త ఫ్యాను వేడిగాలినే తిప్పుతుంది. తడిబట్ట తోడైతేనే ఒళ్ళు చల్లబడుతుంది. ఐసు నీళ్ళు వద్దు.

హెచ్చరిక: బిడ్డ కింద వేసే రబ్బరు షీటును ఎవరూ పట్టించుకోరు. ముందు వైపు ఒళ్ళు శుభ్రంగా ఉండి, వీపు నిండా ఎర్రటి పొక్కులు వచ్చాయంటే చాలాసార్లు కారణం అదే. షీటు తప్పదనుకుంటే నడుము కింద మాత్రమే వేసి, పైన నూలు గుడ్డ బిగుతుగా పరిచి దోపండి.

2. ఒక్క పొర బట్ట, అదీ వదులుగా

ఎండాకాలం బిడ్డకు పెద్దవాళ్ళ కంటే ఒక పొర ఎక్కువ అక్కర్లేదు. మీరు పల్చటి నూలు బట్ట కట్టుకుని సుఖంగా ఉన్నారంటే బిడ్డకూ అంతే చాలు. పగలు ఇంట్లో, దోమతెర కింద ఉన్నప్పుడు చేతుల్లేని జుబ్బా, నూలు గోచీ సరిపోతాయి. సాయంత్రం తెర బయటికి తీసుకువచ్చినప్పుడే పొడుగు చేతుల జుబ్బా, పైజామా.

వదులుగా అని ఎందుకంటున్నానంటే, ఒంటికి అతుక్కున్న పల్చటి బట్టలోంచి దోమ సులువుగా కుడుతుంది. బట్టకూ చర్మానికీ మధ్య ఖాళీ ఉంటే దోమకు ఒళ్ళు అందదు, గాలీ ఆడుతుంది. ముదురు రంగులు దోమల్ని రప్పిస్తాయి, ఎండలో వేడెక్కుతాయి కూడా; లేత రంగులే తీసుకోండి.

ఎండలోకి తీసుకెళ్ళే జుబ్బాను ఒకసారి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. అవతలి వస్తువులు స్పష్టంగా కనబడుతుంటే ఎండా అలాగే లోపలికి వస్తుంది. అది ఇంట్లోకే పనికొస్తుంది, బయటికి కాస్త దగ్గర నేతది వేయండి.

ఊలు టోపీ, చేతులకు సంచులు, కాళ్ళకు మేజోళ్ళు. పుట్టిన రోజు నుంచి ఆరో నెల దాకా ఇవి తీయని ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. చంటిబిడ్డకు ఒంట్లోంచి వేడి పోయే పెద్ద దారి తలే. మేలో ఇంట్లో టోపీ పెట్టడమంటే ఆ దారి మూసేయడమే. "గాలి సోకుతుంది" అని పెద్దవాళ్ళు కోప్పడితే టోపీ తీసి, బిడ్డ మెడ వెనక వాళ్ళ చెయ్యే పెట్టించి చెమట చూపించండి. వాదన కంటే అది బాగా పనిచేస్తుంది.

పౌడరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పౌడరు చెమటకాయల్ని ఆపదు. చెమటతో కలిసి మడతల్లో ముద్దకడుతుంది, చల్లేటప్పుడు లేచే దుమ్ము బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చెమటకాయలకు మందు చల్లటి చోటు, గోరువెచ్చని స్నానం, ఆరిన ఒళ్ళు. నూనె మర్దనా మానక్కర్లేదు గానీ స్నానానికి ముందే చేసి, జిడ్డు పోయేలా కడిగేయండి. స్నానం తర్వాత నూనె రాసి వదిలేయకండి.

హెచ్చరిక: బీరువాలో కలరా ఉండల మధ్య దాచిన బట్టలు తీసి నేరుగా బిడ్డకు వేయకండి. ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్, జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లల్లో ఎర్ర రక్తకణాలను పగలగొట్టి పచ్చకామెర్లు తెస్తుంది. లోపం ఉన్నట్టు చాలామందికి ముందుగా తెలియదు. చంటిబిడ్డ బట్టల దగ్గర అసలు ఆ ఉండలు పెట్టకపోవడం మంచిది. అక్క పిల్లలు వేసుకున్న పాత బట్టలు వస్తే ఉతికి, ఒకటి రెండు రోజులు ఎండలో ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే వాడండి.

3. దోమతెర పగలు కూడా కట్టండి

రాత్రి తెర కట్టి పగలు తీసేస్తారు. డెంగీ తెచ్చే దోమ కుట్టేదే పగలు. పొద్దున ఎండ ముదరక ముందు, మళ్ళీ సాయంత్రం పొద్దు వాలే ముందు జోరుగా ఉంటుంది. బిడ్డ పొద్దున పదింటి నిద్రకూ, సాయంత్రం నాలుగింటి నిద్రకూ తెర కావాలి.

గొడుగు దోమతెరలు చవక, మడత పెట్టుకోవడం సులువు. కానీ వాటికి రెండు లోపాలు. ఒకటి, లోపల చోటు తక్కువ కాబట్టి బిడ్డ చెయ్యో కాలో తెరకు ఆనుతుంది. ఆనిన చోట దోమ బయటి నుంచే కుడుతుంది. పొద్దున లేచాక ఒకవైపు చేతి మీదే, ఒకే వరసలో కాట్లున్నాయంటే అదే జరిగింది. రెండు, నాలుగైదు నెలలకు బిడ్డ బోర్లా పడటం నేర్చాక ఆ గొడుగును మీదికి లాక్కుంటుంది. అప్పటి నుంచి మంచానికి కట్టే పెద్ద తెరకు మారిపోండి. చీర ఉయ్యాల మీద తెర కప్పినా ఇదే ఇబ్బంది, పైగా గుడ్డ ఒంటి చుట్టూ మూసుకుని వీపంతా చెమట పడుతుంది. ఎండాకాలం ఉయ్యాల కాసేపు ఊపడానికే, నిద్ర మంచం మీదే.

తెర కట్టే పద్ధతి: ముందు మంచం దులిపి, దోమల బ్యాటుతో తెర లోపలి మూలలు చూసి, అప్పుడు బిడ్డను పడుకోబెట్టండి. అంచు నాలుగు వైపులా పరుపు కిందికి దోపండి, ఊరికే వేలాడదీయద్దు. పొద్దున తెర లోపలి వైపు చూడండి. కడుపు ఎర్రగా ఉబ్బిన దోమ కనబడిందంటే ఎక్కడో చిరుగో, దోపని అంచో ఉన్నట్టే. చిరుగు దొరకకపోతే గది చీకటి చేసి బయటి నుంచి సెల్‌ఫోను లైటు వేసి లోపల కూర్చుని చూడండి, కనబడుతుంది.

కాయిళ్ళు, ద్రవం మరిగే మిషన్లు బిడ్డ పడుకున్న గదిలో వద్దు. తెర ఉంటే వాటి అవసరమూ ఉండదు. గది నిండా దోమలుండి తప్పనిసరైతే బిడ్డ వేరే గదిలో ఉండగా సాయంత్రం ఒక గంట మిషను పెట్టి, ఆపేసి, కిటికీలు తెరిచి గాలి ఆడనిచ్చి, వాసన పోయాక తీసుకెళ్ళండి. వేపాకు పొగ, సాంబ్రాణి ధూపం ప్రకృతి సిద్ధమే అంటారు గానీ పసి ఊపిరితిత్తులకు ఏ పొగైనా పొగే. మూసిన గదిలో బొగ్గు నిప్పుల మీద సాంబ్రాణి వేయడం మరీ ప్రమాదం, కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది.

ఇంటి చుట్టూ నీళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. శుక్రవారం డ్రై డే అని పంచాయతీ వాళ్ళూ చెబుతూనే ఉంటారు. చాలామంది వదిలేసేది ఒక్కటి. కూలరు నీళ్ళు పారబోస్తే సరిపోదు, గోడలు పీచుతో రుద్దాలి. డెంగీ దోమ గుడ్లు తొట్టె గోడలకు అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి, మళ్ళీ నీళ్ళు తగలగానే పిల్లలవుతాయి. ఫ్రిజ్ వెనక ట్రే కూడా చూడండి.

4. ఆరు నెలల లోపు తల్లిపాలు తప్ప ఏదీ వద్దు

ఎంత ఎండైనా మంచినీళ్ళు, గ్లూకోజు నీళ్ళు, బార్లీ నీళ్ళు, కొబ్బరినీళ్ళు ఏవీ అక్కర్లేదు. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్ళే. నీళ్ళు పడితే కడుపు నిండి పాలు తగ్గుతాయి, విరేచనాల భయమూ ఉంటుంది. చేయాల్సిందల్లా మామూలు కంటే ఎక్కువసార్లు పాలివ్వడం, తల్లి దాహం తీరా తాగడం. డబ్బాపాలు తాగే బిడ్డకు పాలు పలచన చేయకండి, డబ్బా మీద రాసిన కొలతే కలిపి ఎక్కువసార్లు పట్టండి. ఆరు నెలలు దాటాక అన్నంతో పాటు కాచి చల్లార్చిన నీళ్ళు కొద్దికొద్దిగా ఇవ్వచ్చు.

సరిపోతున్నాయో లేదో ఉచ్చ చెబుతుంది. రోజుకు ఆరు తడులు, లేత రంగులో ఉంటే నిశ్చింత. ముదురు పసుపు, ఆరు గంటలుగా పొడి గోచీ అయితే ఆలోచించాల్సిందే.

5. క్రీములు: ఏది, ఎప్పుడు, ఎంత

రెండు నెలల లోపు ఏ దోమల క్రీమూ వద్దు, తెర మాత్రమే. తర్వాత డీట్ ఉన్నవి (30 శాతం మించకుండా), పికారిడిన్ ఉన్నవి వాడచ్చని పిల్లల వైద్యులు చెబుతారు. మన కొట్లలో ఎన్,ఎన్-డైఇథైల్ బెంజమైడ్ ఉన్న క్రీములు కూడా ఎక్కువ. ట్యూబు వెనక ఏ వయసు నుంచి వాడాలో రాసి ఉంటుంది. మీ బిడ్డకు ఆ వయసు రాకపోతే కొట్టువాడు ఏం చెప్పినా కొనకండి. శాతం పెరిగితే క్రీము ఎక్కువసేపు పనిచేస్తుంది, అంతే. 10 శాతం డీట్ దాదాపు రెండు గంటలు కాస్తుంది. గంటన్నర పనికి పెద్ద శాతం దేనికి?

లెమన్ యూకలిప్టస్ నూనె మూడేళ్ళ లోపు పిల్లలకు వద్దు. కర్పూరం కలిపిన కొబ్బరినూనె, నీలగిరి తైలం పసిపిల్లలకు రాయనే రాయకండి. కర్పూరం ఒంట్లోకి వెళ్తే ఫిట్స్ వస్తాయి. బట్టలకు అంటించే స్టిక్కర్లు, చేతి పట్టీలు అవి ఉన్న చోట తప్ప మిగతా ఒంటిని కాపాడవు, పైగా బిడ్డ పీకి నోట్లో పెట్టుకుంటుంది.

రాసే పద్ధతి: ముందు రోజు పిక్క మీద చిన్న చోట రాసి చూడండి, ఎర్రబడకపోతే సరే. మీ అరచేతిలో వేసుకుని, బట్ట కప్పని చోట మాత్రమే పల్చగా రాయండి. బిడ్డ చేతులు నోట్లోకి వెళ్తాయి కాబట్టి చేతులకు వద్దు. కళ్ళు, నోటి చుట్టూ, గీరుకున్న చోట, బట్ట కింద వద్దు. ఇంటికి రాగానే సబ్బుతో కడిగేయండి. క్రీము రాసి నిద్రపుచ్చడం పొరపాటు.

సన్‌స్క్రీన్ ఆరు నెలల లోపు బిడ్డకు అక్కర్లేదు, నీడ, బట్ట, టోపీ చాలు. ఆరు నెలలు దాటాక జింక్ ఆక్సైడ్ ఉన్న ఎస్పీఎఫ్ 30 రకం తీసుకుని, బట్ట కప్పని చోట బయల్దేరే ముందు రాయండి. రెండూ రాయాల్సి వస్తే సన్‌స్క్రీన్ ముందు, అది ఆరాక దోమల క్రీము. రెండూ కలిపిన ట్యూబులు వద్దు: సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి, దోమల మందు అన్నిసార్లు రాయకూడదు.

విటమిన్ డి కోసం బిడ్డను ఎండలో పడుకోబెట్టాలా అని అడుగుతుంటారు. ఏడాది వరకు రోజూ 400 యూనిట్ల చుక్కల మందు పిల్లల డాక్టర్లు ఎలాగూ రాస్తారు. అది వేస్తుంటే మే నెల ఎండ అక్కర్లేదు.

6. ఐదు నెలల బిడ్డతో మే పెళ్ళి: ఒక రోజు ఎలా నడపాలి

విజయవాడలో ఇల్లు, ఏలూరులో పెళ్ళి, పదకొండున్నరకు ముహూర్తం, సాయంత్రం లాన్‌లో విందు అనుకోండి.

పొద్దున ఆరింటికే బయల్దేరండి, ఏడున్నరకల్లా చేరతారు. పదింటికి బయల్దేరితే కారు పొయ్యిలా ఉంటుంది. కారు ఎండలో ఉంటే తలుపులు తెరిచి, ఏసీ ఐదు నిమిషాలు నడిపి, సీటు బకిల్సు ముట్టుకుని చూసి అప్పుడు బిడ్డను ఎక్కించండి. ఎండ పడే అద్దానికి జాలీ తెర అంటించండి. ఎండ తగులుతోందని బిడ్డ మీద తువ్వాలు కప్పకండి, లోపల గాలి ఆడదు. స్ట్రోలరు మీద దుప్పటి కప్పడమూ అంతే. "రెండు నిమిషాలే" అని ఆపిన కారులో బిడ్డను వదలడం ఎప్పుడూ లేదు. అద్దం కాస్త దించినా పది నిమిషాల్లో లోపల దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది.

పట్టు లంగా, జరీ చొక్కా అమ్మమ్మ తెచ్చే ఉంటుంది. తలంబ్రాల దగ్గర ఫొటోలకు పావుగంట వేసి, కింద నూలు జుబ్బా ఉంచకుండా నేరుగా పల్చటి నూలు అస్తరు ఉన్నదే వేయండి. తర్వాత మార్చేయండి. పెళ్ళిమండపం లైట్ల కింద, హోమం పొగ దగ్గర బిడ్డను కూర్చోబెట్టకండి. చేరగానే ఏసీ గది ఏదో కనుక్కుని, ఫొటోల పావుగంట తప్ప పదకొండు నుంచి నాలుగింటి దాకా అక్కడే పాలు, నిద్ర. మడతపెట్టే తెర ఇలాంటప్పుడు పనికొస్తుంది. కాళ్ళూచేతులూ ఆనకుండా మధ్యలో పడుకోబెట్టి పక్కనే ఒకరుండాలి.

సాయంత్రం ఐదున్నరకు, లాన్‌లోకి వెళ్ళే ముందు, పొడుగు చేతుల జుబ్బా, పాదాలు కప్పే పైజామా వేసి, ట్యూబు మీద వయసు అనుమతిస్తే మడమల పైన, మెడ వెనక కొద్దిగా క్రీము. పచ్చిక తడిపిన చోట దోమలు కాళ్ళ దగ్గరే తిరుగుతాయి, కాబట్టి బిడ్డ చేతుల్లోనే ఉండాలి. ఫ్యాను పక్కన కూర్చోండి, గాలిలో దోమ సరిగ్గా ఎగరలేదు. ఏడింటికి లోపలికి. బయల్దేరే ముందు తడిగుడ్డతో క్రీము తుడిచి, ఇంటికి చేరాక స్నానం.

చేసింది సరిపోయిందా? ఇలా చూడండి

అరచేతులు, పాదాలు పట్టుకుని చూడకండి, అవి ఎప్పుడూ కాస్త చల్లగానే ఉంటాయి. మెడ వెనక, వీపు పైన చెయ్యి పెట్టండి. పొడిగా, వెచ్చగా ఉంటే సరి. తడిగా ఉంటే ఒక పొర తీయండి. వేడిగా ఉండి బిడ్డ ముఖం ఎర్రబడితే బట్టలు తీసి, చల్లటి చోటికి మార్చి, అరగంట తర్వాత థర్మామీటరు పెట్టండి. వడవేడి అయితే దిగుతుంది. దిగకపోతే అది జ్వరం కావచ్చు.

మూడు నెలల లోపు బిడ్డకు 100.4 ఫారన్‌హీట్ తగిలితే ఇంట్లో చూస్తూ కూర్చోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఏ వయసైనా ఒళ్ళు కాలిపోతూ పాలు పట్టకపోయినా, వాలిపోయి లేపినా సరిగా చూడకపోయినా, నడినెత్తి మాడు లోతుకు పోయినా, వాంతులు ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోను చేయండి. అంబులెన్సు వచ్చేలోగా బట్టలు తీసి తడిగుడ్డతో తుడుస్తూ విసరండి. మెలకువగా ఉంటే పాలివ్వండి, మగతగా ఉంటే నోట్లో ఏదీ పోయకండి. వడదెబ్బకు పారాసిటమాల్ పనిచేయదు.

దోమకాటు మీద చల్లటి తడిగుడ్డ పెట్టండి, గోళ్ళు కత్తిరించండి; టూత్‌పేస్టు, సున్నం వద్దు. కుట్టిన నాలుగు నుంచి పది రోజుల్లో జ్వరం వస్తే డాక్టరుకు దోమ కుట్టిన తేదీ, ఈమధ్య వేరే ఊరు వెళ్ళి ఉంటే ఆ తేదీ చెప్పండి. డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్ ఉన్న జ్వరం సిరప్పు వేయకండి. ఇంట్లో ఉన్న సీసా మీద ఆ పేరుందేమో ముందే చూసి పక్కన పెట్టండి.